కోడిగుడ్డు పులుసు కార్డులో లేని మాట

గుడ్డు వాసనంటే ఆవిడకు పరమ రోత. ఉడికిన గుడ్డు పెంకు ఒలిచేటప్పుడు వచ్చే ఆ నీచు కంపు ముక్కుకు తగిలితే చాలు, వాంతి వచ్చినంత పనయ్యేది. అలాంటి మనిషి నర్సింగు చదివే ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్ళు వంట చేసింది. వారానికి రెండు పూటలు కోడిగుడ్డు పులుసు వండింది. పైగా ఆ పులుసుకే పేరు తెచ్చుకుంది. ఒక్కనాడు కూడా దాన్ని నాలుక మీద వేసుకోలేదు. ఈ సంగతి ఆవిడకు తప్ప నరమానవుడికి తెలియదు.

తెలియకుండా ఎలా నెట్టుకొచ్చిందంటారా? సిగ్గుపడాల్సిన చోట నియమం పెట్టింది. "వంటగదిలో నాలుక చాపేవాళ్ళు నా పొయ్యి దగ్గరికి రావద్దు. తినేవాళ్ళకంటే ముందు ఎవరూ ఎంగిలి చేయకూడదు" అని కింద పనిచేసేవాళ్ళందరికీ మొదటి రోజే చెప్పేది. అందరూ దాన్ని శుభ్రతనుకున్నారు. రుచి చూడకుండానే ఉప్పూ పులుపూ కొలిచినట్టు వేస్తుంది, మామ్మ చేతిలో ఏదో ఉందని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా కళ్ళలోనూ ముక్కులోనూ ఉంది.

పందొమ్మిదేళ్ళ వయసులో పనిలో చేరిన మొదటి వారం, పెద్ద వంటాయన గంపెడు ఉడికిన గుడ్లు ముందు పెట్టి ఒలవమన్నాడు. అరవయ్యో డెబ్భయ్యో గుడ్డు చేతిలోనే ఫట్టున పగిలి, ఆకుపచ్చటి జిగురు మొహం మీద చింది, పెదవుల మధ్య పడింది. కుళ్ళిన గుడ్డు రుచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. రెండు రోజులు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. పని మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి మూడోనాడు దవడన లవంగం పెట్టుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని వచ్చింది. ఆ లవంగం ముప్పై ఒక్క ఏళ్ళూ దవడన అలాగే ఉంది.

మరి ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఎలా తెలిసేది? తిని వచ్చిన కంచాలను బట్టి. పిల్లలు కంచాలు కడిగే తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూచునేది. ఇంతింత పులుసు అన్నం చివర మిగిలిపోయిందంటే పులుపు ఎక్కువ. గుడ్డు తిని పులుసు వదిలేశారంటే కారం ఎక్కువ. భోజనాల గదిలో నీళ్ళ డ్రమ్ము రెండోసారి నింపాల్సి వచ్చిందంటే ఉప్పు ఎక్కువ. తెల్లసొన నమిలి ఉమ్మేసిన ముద్దలు, గీరిన వేళ్ళ గుర్తులు, పసుపు నూనె తేలే ఎంగిలి నీళ్ళు, ఇవన్నీ చూసి చూసి మర్నాడు చెంచా తగ్గించడమో పెంచడమో చేసేది. అది రోత పని. కానీ నాలుక పెట్టి చూడడంకన్నా ఎంతో నయం.

మూడేళ్ళ కిందట మోకాళ్ళు ఇక మొండికేశాక, పని మానేసే రోజున వార్డెనమ్మ అడిగితే ఆ పులుసు విధానమంతా ఒక కార్డు మీద రాసిచ్చింది. జ్వరం లెక్క రాసే గళ్ళ కార్డు, దళసరి అట్ట, నీలం సిరా. అక్షరాలు గుండ్రంగా, పట్టి పట్టి రాసినట్టు ఉంటాయి. పైన "కోడిగుడ్డు పులుసు, ఆరు గుడ్లకి" అని, కింద "మొదటిసారి వండేవాళ్ళకి" అని అంకెలు వేసి పదకొండు మాటలు. ఆ కార్డు చూసి తర్వాత ముగ్గురు వంటవాళ్ళు వండారు. ముగ్గురూ తమ తెలివి కలిపారు, ముగ్గురూ పనిలో నిలవలేదు.

ఇప్పుడు నాలుగో మనిషి వచ్చింది. ఆవిడ కూతురి కూతురే. ఇంట్లో అందరూ చిట్టి అని పిలుస్తారు, నిలబడితే గుమ్మం పైచెక్క తగిలేంత పొడుగున్నా సరే. పనిచేసే ఫోన్ల దుకాణం మూతపడి ఆరు నెలలుగా ఇంట్లోనే ఉంది. ఆ ఇల్లు గదిన్నర, అందులో ఐదుగురు. అమ్మ కుట్టుమిషను గడగడల మధ్య పడుకుని లేవడం. హాస్టల్ వంటమనిషికి వంటగది వెనక ఒక గది ఇస్తారు. కిటికీ ఉంది, లోపలి నుంచి వేసుకునే గడియ ఉంది. చిట్టి ఆ గది చూడ్డానికి వెళ్ళినప్పుడు గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. అమ్మమ్మ అదంతా బయట నిలబడి విన్నది. మంచం లేదు కానీ గది బాగుందని బయటికొచ్చి పిల్ల అన్న మాటలో ఆశంతా ఉంది.

వార్డెనమ్మ పెట్టిన పరీక్ష ఒక్కటే. ఒంటిగంటకు తన బల్ల దగ్గర ఆరుగురు కూచుంటారు. ఆ ఆరుగురికీ కార్డు ప్రకారం పులుసు వండాలి. నచ్చితే ఉద్యోగం, గది. నచ్చకపోతే ఆఫీసు గదిలో మరో ఇద్దరి దరఖాస్తులు ఉన్నాయి.

పరీక్ష రోజు పదింటికి అమ్మమ్మా మనవరాలూ వంటగదిలో అడుగుపెట్టారు. ఆవిడకు గడప దగ్గరే ఒళ్ళు జలదరించింది. తొట్టి అడుగున జిడ్డు నల్లగా పేరుకుని వేలితో గీస్తే వస్తోంది. మసిగుడ్డ ఎత్తితే దాని కింద పిండి పురుగులు. పొయ్యి వెనక గోడ మీద నూనె చుక్కలు పాకంలా జారి గడ్డకట్టాయి. మూత లేని డబ్బాలో, వేయించి వేయించి నల్లబడ్డ పాత నూనె.

"ఛీ, ఇది వంటిల్లా, పెంటకుప్పా? వండినవాళ్ళకి సిగ్గుండాలి, తిన్నవాళ్ళకి బుద్ధుండాలి" అంది ఆవిడ.

"నువ్వు కూచో అమ్మమ్మా. నేను తోమేస్తా. నువ్వు చూసి చెబితే చాలు."

చిట్టి గంటసేపు తోమింది. తర్వాత వార్డెనమ్మ దగ్గర తెచ్చిన కార్డు గోడకు ఆనించి పైకి చదువుతూ మొదలుపెట్టింది. "ఒకటి. గుడ్లు నీళ్ళలో వెయ్యి. అడుగున పడుకున్నవి తాజావి. నిలబడినవి కాస్త పాతవి, వాటి పెంకు సులువుగా వస్తుంది. తేలినవాటిని బయట పారెయ్యి, వంటగదిలో పగలగొట్టకు." ఎనిమిది వేసింది, ఒకటి తేలింది. దాన్ని అరచేతిలో బాంబులా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"రెండు. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టు, మరిగే నీళ్ళలో వేస్తే పగులుతాయి. మరిగాక పది నిమిషాలు, అంతే. ఎక్కువ ఉడికితే పచ్చసొన చుట్టూ బూడిద రంగు వలయం వస్తుంది, కంపు కూడా ఎక్కువ. మూడు. వెంటనే చన్నీళ్ళలో వెయ్యి. బాగా చల్లారాక, నీళ్ళలోనే ఉంచి లావుగా ఉన్న వైపు నుంచి ఒలు. అక్కడ గాలి అర ఉంటుంది." చిట్టి వేళ్ళు తడబడుతున్నా పెంకు చక్కగానే వస్తోంది. ఇంత వివరంగా ఏ వంట పుస్తకంలో ఉంటుందని నవ్వింది.

వివరం ప్రేమ వల్ల రాలేదు. ఆ కంపు ముందు ఒక్క నిమిషం కూడా ఎక్కువ నిలబడకూడదనే కసిలోంచి వచ్చింది. ఆ మాట పిల్లకు చెప్పలేదు.

చింతపండు ముందే వేణ్ణీళ్ళలో నానుతోంది. నిమ్మకాయంత ఉండ, గింజా పీచూ ఏరినది. పిసికి, వడగట్టి, పిప్పిలో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి పిండింది. ఇక గుడ్లు. "ఐదు. ఒక్కో గుడ్డుకీ చాకుతో నాలుగు గాట్లు పెట్టు. గాటు లేకుండా నూనెలో వేస్తే పేలి మొహం మీద పడుతుంది." ఆ గాటు పెట్టిన గుడ్లు పసుపు నూనెలో చిటపటమనడం మొదలెట్టేసరికి ఆవిడకు వరండాలోకి పోక తప్పలేదు. చింతపులుసు మరిగే వాసన వచ్చి గుడ్డు కంపును కమ్మేసేదాకా బయటే ఉంది. కార్డులో మిగతావి అన్నీ ఉన్నాయి కదా అనుకుంది. ఉల్లిపాయలు బంగారు రంగుకు వచ్చేదాకా, మెంతులు నాలుగే, అవి మాడితే చేదు. కారం వేసేటప్పుడు మంట తగ్గించాలి. పులుసు పోసి నూనె పైకి తేలేదాకా మరగనివ్వాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. పిల్ల అక్షరం తప్పకుండా చేస్తోంది, గొంతు వినిపిస్తూనే ఉంది.

లోపలికి వచ్చేసరికి గుడ్లు పులుసులో పడ్డాయి. సన్నని సెగ మీద బుడగలు వస్తున్నాయి. రంగు బాగుంది, నూనె తేలింది, గీత నిలిచింది. అప్పుడు ఆవిడ కన్ను పక్కనున్న ఉప్పు మీద పడింది. డబ్బాలో ఉన్నది తెల్లటి మెత్తటి పొడి. తడి చెంచాకు అంటుకుని ఉంది.

"చిట్టీ, ఉప్పు ఎంత వేశావు?"

"కార్డులో ఉన్నంత. పెద్ద చెంచా కుప్పగా ఒకటి."

కార్డులో చెంచా లెక్క పక్కన ఉన్నది ఉప్పు అనే మాట ఒక్కటే. తన కాలంలో ఈ వంటగదిలో కల్లుప్పు తప్ప మరోటి లేదు. కల్లుప్పు రాళ్ళ మధ్య సందులుంటాయి కాబట్టి కుప్పగా పోసినా అందులో ఉప్పు తక్కువే పడుతుంది. మెత్తటి పొడి అలా కాదు, అదే చెంచాలో దగ్గరదగ్గర రెండింతలు పడుతుంది. ఏ ఉప్పో రాయాలని ఆవిడకు తట్టనే లేదు. కింద ఎక్కడా రుచి చూడమని కూడా లేదు. రాస్తే తనే ఎందుకు చూడదని ఎవరైనా అడుగుతారని రాయలేదు.

గోడ గడియారంలో పన్నెండూ పది.

"నాలుక మీద వేసి చూడు" అంది ఆవిడ.

చిట్టి తెల్లబోయింది. "ఎంగిలి చేయొద్దంటావుగా?"

"చూడమంటున్నానుగా. చూసి నిజం చెప్పు."

పిల్ల అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకింది. "సరిపోయింది అమ్మమ్మా. చాలా బాగుంది. నీ కార్డు ప్రకారం చేస్తే ఎందుకు బాగుండదు?" అంది. తర్వాత కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తాగింది. ఇంకో సగం గ్లాసు కూడా తాగింది.

నీళ్ళ డ్రమ్ములు చూసి ఉప్పు చెప్పిన మనిషికి ఒకటిన్నర గ్లాసు అర్థం కాకపోతుందా? ఆవిడకు ఒక్కసారిగా అసహ్యం వేసింది. పిల్ల మీద కాదు, తన మీద. చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ పులుసు గురించి ఊరంతా చెప్పే గొప్పలు విని పెరిగిన పిల్ల. ఉప్పెక్కువైందంటే కార్డును తప్పుపట్టినట్టవుతుందని భయపడింది. తప్పుపట్టనివ్వని పేరు సంపాదించుకున్నది ఎవరు? ఉద్యోగం పోయినా, గది పోయినా, అమ్మమ్మ మాట పోకూడదనుకుంది వెర్రి మొహంది. ఈ నాలుకను నమ్మి సరిచేయడం కుదరదు. ఎంత నీళ్ళు పోసినా ప్రతిసారీ సరిపోయిందనే అంటుంది. ఒంటిగంటకు వార్డెనమ్మ కంచం చూసి నేర్చుకుందామంటే అప్పటికి అంతా అయిపోతుంది.

ఆవిడ దవడనున్న లవంగం తీసి కొంగున కట్టుకుంది. గరిటెతో కాస్త పులుసు తీసి చల్లార్చి అరచేతిలో పోసుకుంది. గుడ్డు తేలిన పులుసు. నూనె, పసుపు, వాటి వెనక ఆ నీచు. చెయ్యి నోటిదాకా వచ్చి ఆగింది. పందొమ్మిదేళ్ళ వయసులో చిందిన జిగురు పెదవి మీద మళ్ళీ పడ్డట్టయింది. కళ్ళు మూసుకుని నాలుక పెట్టింది.

ఉప్పు. ముందు ఉప్పు, తర్వాత పులుపు, ఆ తర్వాత గుడ్డు కంపు గొంతులోకి పాకింది. ఆవిడ తొట్టి దాకా పోలేకపోయింది. కొత్తగా తోమిన గచ్చు మీదే కక్కేసింది.

"అమ్మమ్మా, ఏమైంది? ఒంట్లో బాలేదా?" చిట్టి వచ్చి వీపు పట్టుకుంది.

"ఒంట్లో బాగానే ఉంది. ఉప్పు కషాయంలా ఉంది, నువ్వేమో సరిపోయిందంటావు. నీళ్ళు తేవే ముందు." నోరు పుక్కిలించి ఉమ్మింది. "గుడ్లు తీసి పక్కన పెట్టు. పులుసు సగం తీసెయ్యి, పారబోయకు, గిన్నెలో ఉంచు. చింతపండు చిన్న ఉండ వేణ్ణీళ్ళలో పడెయ్యి. ఉల్లిపాయలు ఇంకో రెండు తరుగు."

చిట్టి గచ్చు కడిగి, చేతులు కడిగి, ఉల్లిపాయలు తరిగింది. వేరే మూకుడులో వేయించి, కారం, ధనియాల పొడి వేసి, కొత్త చింతపులుసు పోసింది. ఉప్పు మాత్రం ముట్టలేదు. ఆ పులుసు మరిగాక పాతదాంట్లో కలిపింది. ఆవిడ రెండోసారి చూసింది. ఈసారి తొట్టి పట్టుకుని నిలబడే చూసింది. చప్పబడింది. పక్కన పెట్టిన పాత పులుసు ఒక గరిటె పోయించి, గోరంత బెల్లం కలిపించి మూడోసారి చూసింది. ఒళ్ళంతా చెమట పట్టింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇదే. ఇక గుడ్లు వేసి ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచి దించు" అంది. తర్వాత ఆగి, "ఛీ, ఇంత రోతనా ముప్పై ఏళ్ళుగా వీళ్ళు మళ్ళీ అడిగి మరీ వేయించుకున్నది?" అంది.

అప్పటికి పిల్లకు అర్థమైంది. "నువ్వెప్పుడూ తినలేదా?"

"తినలేదు. వాసన కూడా పడదు."

"మరి ఎంగిలి చేయకూడదని అందరితో..."

"అబద్ధం. నాకు రోత అని చెప్పుకోలేక చెప్పాను. నువ్వు ఇందాక సరిపోయింది అన్నావే, ఆ అబద్ధం నా దగ్గర నేర్చుకున్నదే. ఇద్దరం కలిసి నీ గది పోగొట్టేవాళ్ళం."

ఒంటిగంటకు ఆరుగురూ వచ్చి కూచున్నారు. వార్డెనమ్మ హాజరు పుస్తకం తిప్పడానికి వేలు నాలుకకు రాసుకుంటుంది, ఆ వేలితోనే గిన్నె అంచు తుడిచి చూస్తుంది. అమ్మమ్మ అది చూసి మొహం తిప్పుకుంది. భోజనం అయ్యేదాకా కంచాలు కడిగే తొట్టి పక్కన పాత స్టూలు మీదే కూచుంది. ఆరు కంచాలు వచ్చాయి. ఐదింట్లో వేళ్ళ గీతలు తప్ప ఏమీ లేవు. ఆరోదాంట్లో కరివేపాకు ఉంది. నీళ్ళ జగ్గు సగమే ఖాళీ అయింది.

వార్డెనమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చి, "అచ్చం మీ చేతి వంటే మామ్మా. మీ పిల్లని రేపటి నుంచే రమ్మనండి. ఆ కార్డు ఇటివ్వండి, అద్దం కట్టించి ఇక్కడే తగిలిస్తాం" అంది.

"ఇస్తాను. ఒక్క మాట రాయాలి" అంది ఆవిడ.

వార్డెనమ్మ జేబులోని కలం అడిగి తీసుకుని, అమ్మమ్మ పదకొండో మాట కింద రాసింది. ఈసారి అక్షరాలు గళ్ళు దాటాయి. చిట్టి భుజం మీదుగా వంగి చదివింది. "పన్నెండు. కల్లుప్పు అయితేనే చెంచా. పొడి ఉప్పు అయితే సగం. దించే ముందు నాలుక మీద వేసి చూడు. ఎవరైనా సరిపోయిందంటే నమ్మకు, నీళ్ళు ఎన్ని తాగారో చూడు. ఇది రాసిన నేను ఈ పులుసు ఈ రోజు దాకా రుచి చూడలేదు."

వార్డెనమ్మ చదివి కళ్ళజోడు సవరించుకుంది.

"చివరి ముక్క కొట్టేయమంటారా?" అంది చిట్టి.

"కొట్టేస్తే కార్డు ఇవ్వను" అంది అమ్మమ్మ. కొంగుముడి విప్పి లవంగం తీసి దవడన పెట్టుకుని, వెనక గది తాళం చెవి ఎక్కడుందో అడిగింది.